గారపిండి పిండం, దూరం నుంచి పలకరింపు

మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు రాజమండ్రిలో పోయారని వాట్సాప్‌లో తెలిసేసరికి డాలస్‌లో రాత్రి పది దాటింది, అక్కడ పొద్దున్నే అన్నమాట, కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళడానికి అన్నీ రెడీ చేస్తున్నారు. వీసా స్టాంపింగ్ గొడవ వల్ల నేను కదల్లేను. ఏం రాయాలో తెలీక గూగుల్‌లో వెతికి "జాతస్య హి ధ్రువో మృత్యుః" కాపీ చేసి, పంపే ముందు ఆగాను. గీతలో ఆ మాట కృష్ణుడు యుద్ధం మొదలవ్వకముందు అర్జునుడికి చెప్పింది. తండ్రి శవం ఇంట్లో ఉన్నవాడికి "న త్వం శోచితుమర్హసి", అంటే నువ్వు ఏడవకూడదు అని ఫోన్‌లో ఫార్వర్డ్ చేయడం ఏం బాగుంటుంది? డిలీట్ చేశా.

అప్పుడు గుర్తొచ్చింది అయోధ్యకాండ. తండ్రి పోయినప్పుడు రాముడూ దగ్గర లేడు కదా. కబురు భరతుడు తీసుకొచ్చేసరికి దహనం, కర్మలు అన్నీ అయిపోయాయి. చిత్రకూటంలో ఆ మాట విని రాముడు మూర్ఛపోయాడు, ఏడ్చాడు, తర్వాత మందాకినిలో దిగి తర్పణం వదిలాడు. పిండానికి అక్కడ బియ్యం ఎక్కడివి, అడవిలో దొరికే గారకాయల పిండిలో రేగుపండ్లు కలిపి దర్భల మీద పెట్టి ఇలా అన్నాడు:

ఇదం భుంక్ష్వ మహారాజ ప్రీతో యదశనా వయమ్
యదన్నః పురుషో భవతి తదన్నాస్తస్య దేవతాః

మహారాజా, మేం తినేది ఇదే, దీన్నే ప్రీతిగా తిను, మనిషి ఏం తింటాడో వాడి దేవతలకీ అదే అన్నం అని. చక్రవర్తికి గారపిండి ఏంటని ఆయన ఆగలేదు. నా దగ్గరున్నది ఒక ఫోను, పాతికేళ్ళ జ్ఞాపకాలు, సరే అవే పెడదాం అనుకున్నా.

ఇలా రాశాను: "రేయ్, నాన్నగారి విషయం తెలిసింది. రాలేకపోతున్నా. నా సైకిల్ చైను ఊడిపోతే మీ అరుగు మీద కూర్చుని ఆయనే ఎక్కించి, చేతులు పేపర్‌కి తుడుచుకుంటూ 'ముందు భోంచెయ్యరా' అన్నారు, అది ఇప్పుడు కళ్ళముందే ఉంది. దీనికి రిప్లై ఇవ్వక్కర్లేదు." అంతే. ఎలా జరిగింది, ఏ హాస్పిటల్ అని అడగలేదు, ఆ కథ వాడు అప్పటికే యాభైమందికి చెప్పి ఉంటాడు. "ఏమన్నా కావాలంటే చెప్పు" అనీ అనలేదు, ఎందుకంటే వాడు చెప్పడు. చివర బై కూడా పెట్టలేదు, పలకరింపుకి వెళ్ళిన ఇంట్లో మనం వెళ్ళొస్తాం అనం కదా, చెప్పకుండానే లేచి వచ్చేస్తాం.

పదమూడు రోజులూ ఇల్లు నిండా జనమే, బ్రాహ్మలు, వంటలు, లెక్కలు, కాబట్టి మళ్ళీ మళ్ళీ కదపలేదు. అసలు పలకరింపు అవసరం పదమూడో రోజు తర్వాతే. చుట్టాలు బస్సెక్కేశాక ఆంటీ, వీడూ, ఒక ఖాళీ కుర్చీ. పదిహేనో రోజున వాళ్ళ టైమ్ ప్రకారం సాయంత్రం చూసుకుని ఫోన్ చేశా, వాడు నలభై నిమిషాలు మాట్లాడాడు, నేను ఊఁ కొట్టానంతే.

తర్వాత మాసికాలు. ఇవి తిథిని బట్టి వస్తాయి, ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే తప్పుతాం. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు కాబట్టి తేదీ దాదాపు ప్రతి నెలా కొంచెం ముందే వచ్చేస్తుంది. మా డాలస్ పంచాంగంలో తిథి ఒక్కోసారి ఒకరోజు తేడా వస్తుంది, అందుకే వాడి ఊరి క్యాలెండర్ చూసి ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకున్నా. ఆరోజు "ఈరోజు మాసికం కదా, ఆంటీ ఉపవాసం ఏమీ లేదుగా, భోంచేశారా" అని ఒక్క లైను.

ఇంత జాగ్రత్తపడి నేను చేసిన వెధవపని ఏంటంటే దీపావళికి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో వాడికీ "శుభాకాంక్షలు" వెళ్ళిపోయింది. ఏడాది వాళ్ళకి పండగల్లేవు, తలుపుకి మామిడాకు కూడా కట్టలేదు. తెలిశాక ఫోన్ చేసి సారీ చెప్పి లిస్ట్‌లోంచి వాడి పేరు తీసేశా, ఆ తర్వాత వచ్చిన ఉగాదికీ ఏమీ పంపలేదు.

మొన్న సంవత్సరీకం అయింది. పొద్దున్నే మెసేజ్ పెట్టా: "ఈరోజు నాన్నగారి ఆబ్దికం, గుర్తుంది." గంట తర్వాత ఒక ఫోటో వచ్చింది, అరిటాకులో గారెలు, పక్కన పెరుగు గిన్నె. కింద వాడు రాశాడు, "నీ వాటా కాకికి పెట్టా రా."