కన్వర్ట్ చేసిన ఫిజిక్స్ సారాంశం ఎలా వాడాలంటే

ఒరేయ్,

నువ్వు అడిగిన ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ సారాంశం పంపుతున్నాను. దీన్ని తెరిచి నేరుగా బట్టీ పట్టకు. ఇది మొదట పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన నోట్సు. ఫోన్లో వెతకడానికి వీలుగా యూనికోడ్‌లోకి మార్చారు. తెలుగు వాక్యాలు చాలావరకు బాగానే వచ్చాయి, దెబ్బ తిన్నవి సూత్రాలు. నేను పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని మూడు అధ్యాయాలు దిద్దాను, మిగతావి నువ్వూ అలాగే దిద్దుకోవాలి.

ముందు ఘాతాలు చూడు. పైన చిన్నగా ఉండాల్సిన అంకె మార్పిడిలో కిందికి దిగి మామూలు అంకె అయిపోయింది. 9 × 10⁹ కాస్తా 9 × 109 అయింది, r² కాస్తా r2 అయింది. కూలుమ్ నియమం లెక్క ఒకటి చెయ్యి: 1 μC, 4 μC ఆవేశాలు, మధ్య దూరం 20 సెం.మీ. సరిగ్గా చేస్తే బలం 0.9 N. r2ని రెండు r అనుకుంటే హారంలో 0.04 బదులు 0.4 పడి 0.09 N వస్తుంది. 109ని నూట తొమ్మిదిగా చదివితే 9.81 × 10⁻⁸ N. ఆ 9.81 ఎక్కడో చూసిన సంఖ్యలా ఉండి, తప్పని అనుమానం కూడా రాదు. అందుకే ఫైల్లో "10" అని వెతికి, దాని వెనకే అంకెగానీ అడ్డగీతగానీ అంటుకుని ఉన్న ప్రతిచోటా ఆగు. 10-19 అని ఉంటే అది 10⁻¹⁹, తీసివేత కాదు.

రెండోది గ్రీకు అక్షరాలు, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వాటిని సింబల్ ఫాంట్‌లో టైపు చేశారు. ఆ ఫాంట్‌లో m కొడితే μ, r కొడితే ρ, q కొడితే θ, W కొడితే Ω కనిపిస్తాయి. ఫాంట్ పోగానే కొట్టిన ఇంగ్లిషు అక్షరమే మిగిలింది. పై లెక్కలో 1 μC కాస్తా 1 mC అయింది, అంటే మైక్రో పోయి మిల్లీ వచ్చింది. రెండు ఆవేశాలూ వెయ్యేసి రెట్లు పెరిగితే బలం 9 లక్షల న్యూటన్లు, దాదాపు 90 టన్నుల బరువు! రెండు చిన్న ఆవేశాల మధ్య అంత బలం వచ్చిందంటే ఆ m మీద అనుమానపడాలి. μ₀ విలువ కూడా "m0 = 4p × 10-7" అని పడి ఉంది, అక్కడ p అంటే π.

"రీప్లేస్ ఆల్" మాత్రం నొక్కకు. W అన్నీ Ω చేస్తే 60 W బల్బు 60 Ω బల్బు అవుతుంది. "నిరోధం 5 W" అంటే ఓమ్, సామర్థ్యం పక్కన ఉంటే వాట్. అలాగే R = rl/A లో r నిరోధకత ρ, కూలుమ్ నియమంలో r మాత్రం దూరమే. sin, cos పక్కన q కనిపిస్తే అది θ, మిగతాచోట్ల ఎక్కువగా ఆవేశమే. ఒక్కొక్కటీ చూసి చేత్తో మార్చాలి, వేరే దారి లేదు.

వెతకడంలో ఒక చిక్కుంది. అనులో ఒత్తు గుడి తర్వాత వస్తుంది, కన్వర్టర్ దాన్ని ముందుకు జరపాలి. జరపని చోట "శక్తి" కాస్తా "శకి్త" అయింది. కాబట్టి "స్థితిజ శక్తి" అని కొడితే ఏమీ దొరక్కపోవచ్చు. పాఠంలో లేదనుకోకు. ఒత్తులేని ముక్క పట్టుకో: "తరంగదైర్ఘ్యం" కావాలంటే "తరంగ" చాలు.

దిద్దాక వాడే పద్ధతి ఇది. అధ్యాయానికో తెల్లకాగితం తీసుకుని సూత్రాలు చూడకుండా రాయి, ప్రతి గుర్తు పక్కనా దాని ప్రమాణం రాయి. ప్రమాణాలు రెండువైపులా సరిపోకపోతే సూత్రం తప్పుగా గుర్తుందనో, ఫైల్లో ఇంకా దిద్దనిది మిగిలిందనో అర్థం. అతిస్వల్ప సమాధాన ప్రశ్నలకు ఈ సారాంశం సరిపోతుంది. దీర్ఘ సమాధాన ప్రశ్నలకు చాలదు, ఎందుకంటే మార్పిడిలో బొమ్మలన్నీ పోయాయి. వీట్‌స్టన్ బ్రిడ్జి దగ్గర "పటంలో చూపినట్లు" అని ఉంటుంది గానీ పటం ఉండదు. దాన్ని పుస్తకంలోంచి గీసుకుని ఆ కాగితానికే పిన్ను కొట్టు.

నేను దిద్దినవి మొదటి మూడు అధ్యాయాలు, మార్చిన చోటల్లా పసుపు రంగు వేశాను. నాలుగో అధ్యాయం నుంచి మొదలుపెట్టు.