చిమ్నీ కట్టుబడి లెక్కకు రెండు ఫ్రస్టమ్‌లు ఎప్పుడు అవసరం?

ఏఈ, ఏఈఈ పరీక్షలకు సివిల్ చదివేటప్పుడు ఎస్టిమేషన్ అనగానే అందరం గదుల గోడలు, సెంటర్‌లైన్ పద్ధతి, మట్టి పని మీద పడతాం. పైకి పోయేకొద్దీ సన్నబడే గుండ్రటి చిమ్నీ లెక్క వస్తే మాత్రం చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తారు. కారణం తెలిసిందే. బయటి ఫ్రస్టమ్ ఒకటి, లోపలి ఫ్రస్టమ్ ఒకటి, ఒక్కోదానికి రెండు వర్గాలు, ఒక గుణకారం, చివర తీసివేత. టైమ్ తినేస్తుందని భయం. మాది మిర్యాలగూడ వైపు. రైస్ మిల్లుల చిమ్నీలు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఈ లెక్క మీద నాకు మొదటి నుంచీ కొంచెం ఆసక్తి ఎక్కువ. నల్గొండలో రూమ్ తీసుకుని చదివిన రోజుల్లో దీన్ని కుదురుగా పట్టుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

లెక్క ఇలా ఉంటుందనుకోండి. చిమ్నీ ఎత్తు 20 మీటర్లు. అడుగున బయటి వ్యాసం 3.0 మీటర్లు, పైన బయటి వ్యాసం 1.8 మీటర్లు. గోడ మందం కింది నుంచి పైదాకా 40 సెంటీమీటర్లు. ఇటుక కట్టుబడి ఎన్ని ఘనపు మీటర్లు?

పుస్తకంలో ఉండే దారిలోనే ముందు వెళ్దాం. ఫ్రస్టమ్ ఘనపరిమాణానికి సూత్రం ఇది:

V = (πh/12) × (D² + D·d + d²)

బయటి ఫ్రస్టమ్‌కు బ్రాకెట్ లోపల 9 + 5.4 + 3.24, మొత్తం 17.64. దాన్ని 20/12తో గుణిస్తే 29.4π. లోపలి వ్యాసాలు కావాలంటే రెండు వైపులా మందం తీసేయాలి. అంటే అడుగున 3.0 − 0.8 = 2.2, పైన 1.8 − 0.8 = 1.0. ఇప్పుడు బ్రాకెట్‌లో 4.84 + 2.2 + 1, అంటే 8.04. దాని నుంచి 13.4π. తేడా 16π, అంటే దాదాపు 50.27 ఘనపు మీటర్లు.

ఇప్పుడు జవాబు వైపు ఒకసారి చూడండి. ఇంత తిప్పలు పడితే వచ్చింది సరిగ్గా 16π. ఇది నేను అంకెలు కావాలని ఎంచుకోవడం వల్ల వచ్చిన గుండు సంఖ్యే కానీ, వెనకాల ఒక అసలు సంగతి కూడా ఉంది.

చిమ్నీని ఏదో ఒక ఎత్తులో అడ్డంగా కోసినట్టు ఊహించండి. అక్కడ బయటి వ్యాసం x అనుకుంటే, కనిపించేది t మందం ఉన్న ఒక రింగు. దాని వైశాల్యం (π/4) × (x² − (x − 2t)²). దీన్ని విప్పితే x² పోయి, π × t × (x − t) మాత్రమే మిగులుతుంది. ఇందులో (x − t) అంటే గోడ మధ్యగీత వ్యాసం. గదుల గోడలకు మనం వాడే సెంటర్‌లైన్ పద్ధతే గుండ్రంగా తిరిగి వచ్చింది: మధ్యగీత పొడవు × మందం.

అసలు కీలకం ఇక్కడే. వైశాల్యంలో x వర్గం లేదు, ఉత్త x మాత్రమే ఉంది. పైకి వెళ్తుంటే x ఒకే లెక్కన తగ్గుతుంది కాబట్టి రింగు వైశాల్యం కూడా ఒకే లెక్కన తగ్గుతుంది. అలాంటప్పుడు సగం ఎత్తులో ఉన్న వైశాల్యమే మొత్తానికి సగటు. కాబట్టి,

V = π × t × h × (Dm − t)

ఇక్కడ Dm అంటే అడుగు, పై బయటి వ్యాసాల సగటు. మన లెక్కలో 2.4. అంటే π × 0.4 × 20 × (2.4 − 0.4) = 16π. ఒక్క లైనులో అయిపోయింది. మందం కింది నుంచి పైదాకా ఒకటే అయినంతవరకు ఇది అంచనా కాదు, ఖచ్చితమైన జవాబు.

మా రూమ్‌లో ఉండే తమ్ముడొకడు దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. "సగటు వ్యాసం తీసుకుంటే ఫ్రస్టమ్‌ల తప్పొస్తదని స్కూల్లనే చెప్పిండ్రు కదన్నా, ఇక్కడెట్ల కరెక్టయితది?" అని పట్టుబట్టాడు. వాడి అనుమానం న్యాయమైనదే. గట్టి ఫ్రస్టమ్‌ను సగటు వ్యాసంతో సిలిండర్‌లా లెక్కిస్తే ఘనపరిమాణం తక్కువే వస్తుంది. ఎంత తక్కువంటే πh(D − d)²/48. మన చిమ్నీ బయటి ఆకారానికి వేసి చూడండి. సగటు వ్యాసంతో 28.8π వస్తుంది, అసలుది 29.4π. తేడా 0.6π. లోపలి ఖాళీకి సగటు వ్యాసం 1.6 తో వేస్తే 12.8π వస్తుంది, అసలుది 13.4π. అక్కడా తేడా 0.6π. మందం ఒకటే కాబట్టి బయటా లోపలా అడుగుకూ పైకీ ఉన్న వ్యాసాల తేడా ఒకటే, 1.2 మీటర్లు. అందుకే రెండింట్లో తప్పు సమానంగా వచ్చి, తీసివేతలో ఎగిరిపోతుంది. కాగితం మీద ఇది వేసి చూపించాక వాడు ఊరుకున్నాడు.

అయితే ఇదే వివరణ ఈ షార్ట్‌కట్ ఎక్కడ చెల్లదో కూడా చెప్పేస్తుంది. అడుగున మందం వేరు, పైన మందం వేరు అయితే లోపలి వాలు బయటి వాలుతో సమానంగా ఉండదు, తప్పులు రద్దు కావు. అదే చిమ్నీకి అడుగున మందం 60 సెంటీమీటర్లు, పైన 20 సెంటీమీటర్లు, మధ్యలో ఒకే తీరుగా తగ్గుతుందని ఇచ్చారనుకుందాం. సగటు మందం మళ్లీ 0.4. అడుగున మధ్యగీత వ్యాసం 2.4, పైన 1.6, సగటు 2.0. షార్ట్‌కట్‌లో వేస్తే మళ్లీ అదే 16π. కానీ లోపలి వ్యాసాలు ఇప్పుడు 1.8, 1.4. రెండు ఫ్రస్టమ్‌లతో వేస్తే 16.53π, అంటే 51.94 ఘనపు మీటర్లు. షార్ట్‌కట్ దాదాపు 1.7 ఘనపు మీటర్లు తక్కువ చూపించింది. అడుగు, పై రింగుల వైశాల్యాల సగటు తీసుకుని ఎత్తుతో గుణిస్తే ఇంకో దిక్కుకు పోతుంది: 17.6π, అంటే 55 దాటుతుంది.

ఇలాంటి ప్రశ్నకు నేను ప్రిస్మాయిడల్ సూత్రం వాడేవాణ్ని. మట్టి పనిలో అందరం చదివిందే. అడుగు వైశాల్యం, మధ్య వైశాల్యానికి నాలుగు రెట్లు, పై వైశాల్యం కూడి, h/6తో గుణించాలి. అడుగున 0.6 × 2.4 = 1.44, మధ్యలో 0.4 × 2.0 = 0.80, పైన 0.2 × 1.6 = 0.32, అన్నిటికీ పక్కన π. (20/6) × (1.44 + 3.20 + 0.32) వేస్తే 16.53π ఖచ్చితంగా వస్తుంది. రెండు ఫ్రస్టమ్‌ల కన్నా ఇదే నాకు తొందరగా అయ్యేది.

నిజానికి కట్టేటప్పుడు ఇటుక గోడ మందం ఇలా నున్నగా తగ్గదు. ఇటుకకో కొలత ఉంటుంది కదా. 20 × 10 × 10 సెంటీమీటర్ల మాడ్యులర్ కొలత ప్రకారం, బయటి వాలు అలాగే ఉంచి లోపలి వైపు అరఇటుక, ఇటుక చొప్పున మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. అప్పుడు లెక్క మళ్లీ సులువవుతుంది. ఒక్కో భాగంలో మందం ఒకటే కాబట్టి భాగానికొకసారి షార్ట్‌కట్ వేసుకోవడమే. అదే చిమ్నీలో కింది 10 మీటర్లకు 50 సెంటీమీటర్లు, పై 10 మీటర్లకు 30 అనుకుందాం. సగం ఎత్తులో బయటి వ్యాసం 2.4. కింది భాగానికి సగటు వ్యాసం 2.7, కాబట్టి π × 0.5 × 10 × 2.2 = 11π. పై భాగానికి సగటు 2.1, కాబట్టి π × 0.3 × 10 × 1.8 = 5.4π. మొత్తం 16.4π, అంటే 51.5 ఘనపు మీటర్లు. ఇక్కడ పడిపోయేది మెట్టు దగ్గరి బయటి వ్యాసం కనుక్కునే చోటే. 20 మీటర్లలో 1.2 తగ్గితే మీటరుకు 6 సెంటీమీటర్లు. మెట్టు సగంలో లేకుంటే ఈ లెక్కతోనే పట్టుకోవాలి.

ఇక తప్పు ఆప్షన్ల సంగతి. మొదటి లెక్కకే నాలుగు జవాబులు ఇవ్వమంటే పేపర్ సెట్ చేసేవాళ్లు ఏవి ఇస్తారో మనమే ఊహించవచ్చు. లోపలి వ్యాసానికి రెండు మందాలకు బదులు ఒక్కటే తీసేస్తే 8.8π, అంటే 27.6 వస్తుంది. బ్రాకెట్‌లో t తీసేయడం మరిచిపోతే 19.2π, అంటే 60.3. వ్యాసాలనే వ్యాసార్ధాలుగా వాడి, ఫ్రస్టమ్ సూత్రంలో πh/3 వేసి, లోపలికి కూడా రెండు మందాలు తీసేస్తే 64π, సరిగ్గా నాలుగు రెట్లు. ప్రశ్నలో లోపలి వ్యాసాలు ఇస్తే మాత్రం గుర్తు మారుతుంది: Dm + t. మన చిమ్నీకే లోపలి సగటు 1.6, దానికి 0.4 కలిపితే అదే 2.0.

ప్లస్సా మైనస్సా అని ఎగ్జామ్ హాల్లో టెన్షన్ వస్తే ఒక పరీక్ష ఉంది. నిట్టనిలువు సిలిండర్ తీసుకుని, మందాన్ని సగం వ్యాసం దాకా పెంచండి. లోపల ఖాళీ మూసుకుపోయి గట్టి సిలిండర్ కావాలి. π × (D/2) × (D − D/2) వేస్తే πD²/4 వస్తుంది. బయటి వ్యాసానికి మైనస్ సరైనదే అని తేలిపోతుంది.

ఎత్తు విషయంలో కూడా చూసుకోవాలి. ఘనపరిమాణానికి నిలువు ఎత్తే, వాలు పొడవు కాదు. వాలు పొడవు పనికొచ్చేది బయట ప్లాస్టరింగ్, పాయింటింగ్ వైశాల్యానికి. మన చిమ్నీలో ఒక్కో వైపు వాలు 0.6 మీటర్లే కాబట్టి వాలు పొడవు 20.009. తేడా లేనట్టే. మందాన్ని అడ్డంగా కొలిచారా, వాలుకు లంబంగా కొలిచారా అన్నది కూడా ఇలాంటి చిమ్నీలో పట్టించుకునేంత తేడా తేదు.

సైట్‌లో వ్యాసం ఎలా కొలుస్తారని మా ఊళ్లో ఒక మేస్త్రీని అడిగితే, "నిలబడ్డ చిమ్నీకి అడ్డం టేపు ఎట్ల పెడ్తవ్ బిడ్డా, చుట్టు పెట్టాలె" అన్నాడు. చుట్టుకొలత వైపు నుంచి చూస్తే సూత్రం ఇలా మారుతుంది: V = t × h × (Cm − πt). అడుగున చుట్టుకొలత 9.42, పైన 5.65 అయితే సగటు 7.54. దాంట్లో నుంచి 1.26 పోగా 6.28. దాన్ని 8తో గుణిస్తే 50.2. చుట్టుకొలతలు ఇచ్చిన ప్రశ్న వస్తే వ్యాసాలకు మార్చుకుంటూ కూర్చోనవసరం లేదు.

కొలతల నిబంధనల మీద థియరీ బిట్టు కూడా ఇదే చోటు నుంచి రావచ్చు. సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్ల ప్రకారం, ప్లాన్‌లో వంపు తిరిగిన కట్టుబడి సగటు వ్యాసార్ధం 6 మీటర్లు దాటకపోతే దాన్ని మామూలు కట్టుబడిలో కలపరు, వేరుగా కొలుస్తారు. ఇటుకల కోత, వేస్టేజీ, టెంప్లేట్లు ఆ రేటులోనే వస్తాయి. పొడవుగా తీసుకునేది గోడ సగటు పొడవునే. మన చిమ్నీలో సగటు వ్యాసార్ధం 1 మీటరే కాబట్టి ఇది ఆ కోవలోకే వస్తుంది. లోపల ఫైర్ బ్రిక్ లైనింగ్ ఉంటే అది వేరే ఐటమ్. లైనింగుకూ గోడకూ మధ్య గాలి ఖాళీ ఇస్తే, లైనింగ్ బయటి వ్యాసం గోడ లోపలి వ్యాసం కన్నా ఆ ఖాళీకి రెండింతలు తక్కువ. అక్కడి నుంచి మళ్లీ అదే సూత్రం.