పేను లేని పేనుకొరుకుడు

నిన్న ఐదు నెలల తర్వాత మళ్లీ పాత సెలూన్‌లోనే కూర్చున్నాను. కాబట్టి కోపం తగ్గకముందే రాస్తున్నా.

మాది ప్రొద్దుటూరు. ఉగాది ముందు రోజు సెలూన్ కిక్కిరిసి ఉంది. కత్తెర ఆడుతున్న చేయి ఉన్నట్టుండి ఆగింది. "అన్నా, ఈడ పేనుకొరుకుడు వచ్చిందే!" అన్నాడు మంగలి, షాపంతా వినబడేలా. పక్క కుర్చీలో ఉన్నాయన తువ్వాలు లాక్కుని లేచి, "ఆ దువ్వెన నాకు పెట్టొద్దు అబ్బీ" అన్నాడు. నలభై ఏళ్లొచ్చిన మనిషిని, బట్టల షాపులో పదిమందికి జీతాలు లెక్కగట్టేవాణ్ణి, సగం కత్తిరించిన తలతో తల దించుకుని కూర్చున్నాను. ఇంటికెళ్లి రెండద్దాలు పెట్టి చూస్తే తల వెనక రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. అరచేయిలా నున్నగా ఉంది. దురద లేదు, నొప్పి లేదు.

అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి పోయుంటే ఇది రాసే పని ఉండేది కాదు. మా చిన్నాయన మాట విన్నాను. ఆయన లెక్క ప్రకారం కంటికి కనబడని పురుగు వెంట్రుకల వేళ్లు తింటోంది, దాన్ని చంపాలి. బిళ్ల అంచుతో మచ్చను ఎర్రగా అయ్యేదాకా గీకి, పచ్చి వెల్లుల్లి, నూరిన గురివింద గింజ కలిపి పట్టించాడు. "మంట పుడితే పురుగు చస్తాన్నట్టు" అన్నాడు. రెండో రోజుకు బొబ్బలు, నాలుగో రోజుకు రసి. గురివింద గింజలో ఉన్నది గట్టి విషమనీ, గీకిన చర్మం మీద అస్సలు పెట్టకూడదనీ తర్వాత తెలిసింది. మా చిన్నాయన మాత్రం ఇప్పటికీ తన మందువల్లే వెంట్రుకలు వచ్చాయని చెప్పుకుంటున్నాడు.

కడపలో చర్మ డాక్టరమ్మ పుండు చూసి ముందు తిట్టింది. తర్వాత దానికి కొంచెం పైన, నేను చూసుకోని ఇంకో చిన్న మచ్చను భూతద్దంలాంటి పరికరంతో చూసి, ఫోటో తీసి నాకు చూపించింది. అంచున పొట్టి వెంట్రుకలు, పైన లావుగా, మొదలు దగ్గర సన్నగా ఉన్నాయి. అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తులాగే. "పురుగు కాదయ్యా, తామర కూడా కాదు. తామరైతే పొట్టు రాలుతుంది, వెంట్రుకలు తెగి మొద్దుల్లా ఉంటాయి" అంది. దీని పేరు అలోపీషియా ఏరియేటా. మన ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన కణాలే పొరపాటున వెంట్రుకల కుదుళ్ల మీద పడతాయి. కుదురు చావదు, పని మానేస్తుంది, అంతే. అంటువ్యాధి అసలే కాదు. ఆ తువ్వాలు లాక్కున్నాయనకు ఎవరైనా చెప్పండి.

ఇలా ఒకటి రెండు మచ్చలుంటే చాలామందికి ఏడాదిలోపు ఏ మందూ లేకుండానే వెంట్రుకలు వచ్చేస్తాయట. వెల్లుల్లికీ, తాయెత్తుకూ పేరొచ్చింది ఇందుకే. థైరాయిడ్ పరీక్ష రాసింది, అది మామూలుగానే ఉంది. గోళ్ల మీద గుంటలున్నాయా అని కూడా చూసింది, లేవు.

ఊరుకుని చూద్దామా, సూదులు వేద్దామా అని అడిగితే నేను సూదులన్నాను. కానీ పుండు మానేదాకా వేయనంది. అలా చిన్నాయన వైద్యానికి నాలుగు వారాలు పోయాయి.

మందు ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల బలానికి పలచన చేసి, సన్నటి సూదితో సెంటీమీటరుకొక చోట చుక్క చుక్కగా చర్మంలోకి ఎక్కించింది. పెద్ద మచ్చకు ఆరు పోట్లు. చీమ కుట్టినట్టుంటుంది అన్నారు. అబద్ధం, కందిరీగే. ఆరు వారాలకొకసారి, మొత్తం మూడుసార్లు. తొందరపడి దగ్గర దగ్గరగా వేయించుకుంటే చర్మం పలచబడి గుంట పడుతుంది. రెండోసారికి ఒకచోట నాకూ చిన్న సొట్ట పడింది. దానంతటదే పూడుతుందిలే అంది, మూడోసారి ఆ చోటు వదిలేసింది.

అద్దంలో రోజూ చూసుకుంటే పిచ్చెక్కుతుంది. నేను పక్కన రూపాయి బిళ్ల పెట్టించి నెలకొక ఫోటో తీయించుకున్నాను. లెక్కలు రాసేవాడి బుద్ధి. డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది. రెండో ఫోటోలో తేడా లేదు, మూడో దాంట్లో నూగు, నాలుగో దాంట్లో బిళ్ల కన్నా మచ్చే చిన్నది.

అయితే ఈ సూదులు వేసిన చోట వెంట్రుకలు తెప్పిస్తాయే గానీ, ఇంకోచోట కొత్త మచ్చ రాకుండా ఆపలేవు. అది ఆవిడ మొదటి రోజే చెప్పింది. పోయిన వారం చెవి వెనక పావలా అంత కనబడింది. ఈసారి వెల్లుల్లి ఊసెత్తలేదు, చిన్నాయనకు చెప్పనూ లేదు. ఫోటో తీసి పెట్టుకున్నా, వచ్చే నెల చూపిస్తాను.

నిన్న మంగలి వెనక అద్దం పట్టి చూపించాడు. "తెల్లగా వచ్చినాయి అన్నా, రంగు వేద్దునా?" అని, ఈసారి చెవి దగ్గర మెల్లగా అడిగాడు. మొదట తెల్లగానే వస్తాయి, తర్వాత నల్లబడతాయి అని చెప్పాను, షాపంతా వినబడేలా.