గుడ్లు ఏ వరసలో తగ్గినయో ముందు లెక్కపెట్టు

రియాద్‌కు ఆగ్నేయంగా అల్ ఖర్జ్ అనే ప్రాంతం ఉంటుంది. ఎడారే కానీ భూగర్భజలాల పుణ్యాన పాల డెయిరీలు, కోళ్ళ ఫారాలు బాగా పెరిగాయి. నేను అక్కడే ఒక లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోళ్ళ ఫారంలో, షెడ్డు చూసే పనిలో ఉన్నా. మాది జడ్చర్ల దగ్గర పల్లె. ఊళ్ళో ఉన్నప్పుడు కోళ్ళ పని నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఎందుకంటే మా చుట్టుపక్కల షాద్‌నగర్ దాకా షెడ్లే కదా. ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది కోళ్ళ పెంపకం కంటే లెక్క రాసుడే ఎక్కువ.

మా షెడ్డు తలుపు మీద ఒక కాగితం వేలాడుతుంది. గుడ్లు ఎన్ని, దాణా ఎంత తిన్నాయి, నీళ్ళు ఎన్ని తాగాయి, ఎన్ని చచ్చిపోయాయి, లోపల ఎక్కువ వేడి, తక్కువ వేడి ఎంత. రోజూ సాయంత్రం రాయాలి. మా సూపర్వైజర్ ఈజిప్టు మనిషి, షెడ్డులోకి అడుగు పెట్టకముందే ఆ కాగితం చూస్తాడు. అందులోనూ గుడ్ల గడి ఆఖరున చూస్తాడు, నీళ్ళ గడి ముందు చూస్తాడు. మొదట్లో నాకు వింతగా ఉండేది. నీళ్ళు తగ్గితే కోడి మేత మానేస్తుంది, మేత మానేస్తే గుడ్డు ఆగిపోతుంది. అంటే గుడ్లు తగ్గినయని మనకు తెలిసేసరికి అసలు సంగతి జరిగి రెండు మూడు రోజులై ఉంటుంది. పెరిగిన పచ్చసొన అండాశయం నుంచి విడిపోయాక, గుడ్డు తయారై బయటికి రావడానికి సుమారు ఇరవై ఐదు గంటలు పడుతుంది. కాబట్టి ఈ రోజు తగ్గిన గుడ్డుకు కారణం ఈ రోజు షెడ్డులో వెతికితే దొరకదు, వెనక్కి పోయి వెతకాలి.

మొన్న ఏప్రిల్‌లో మా బామ్మర్ది ఫోన్ చేసిండు. ఊళ్ళో వాడికి పదివేల కోళ్ళ షెడ్డు ఉంది. ఎత్తు షెడ్డు, మూడంతస్తుల కేజీలు అంటే తీగల పంజరాలు, తెల్ల గుడ్ల కోళ్ళు, వయసు నలభై రెండు వారాలు. అంటే మంచి కాపు మీద ఉన్నవి.

"బావా, రోజుకు మూడువందల ట్రేలు దిగేటియి. నాలుగు రోజుల్ల 238కి పడిపోయినయ్. మందుల షాపాయన యాంటీబయాటిక్ రాసిచ్చిండు, నీళ్ళల్ల కలుపమంటుండు. కలుపాల్నా?"

"ఆగు. కోళ్ళు దగ్గుతున్నయా? గురక పెడుతున్నయా? రెట్ట పచ్చగా ఉందా? చావులు పెరిగినయా?"

"ఏం లేదు బావా. రోజుకు ఒకటో రెండో పోతున్నయ్, ఎప్పటిలెక్కనే."

"గుడ్డు పెంకు ఎట్లుంది? తోలు గుడ్లు, ముడతలు పడ్డవి వస్తున్నయా?"

"లేదు, పెంకు గట్టిగనే ఉంది. గుడ్లే తక్కువున్నయ్."

ఈ ప్రశ్నలు ఊరికే అడగలేదు. కొక్కెర తెగులు వస్తే గురక, పచ్చ రెట్ట, మెడ తిరగడం, చావులు కనిపిస్తాయి. ఐబీ అనే శ్వాస జబ్బయితే పెంకు ముడతలు పడుతుంది, గుడ్డు పగలగొడితే తెల్లసొన నీళ్ళలా పారుతుంది. ఈడీఎస్ అనే ఇంకో వైరస్ జబ్బుంది. దాంట్లో కోడి చూడటానికి నిక్షేపంగానే ఉంటుంది కానీ పెంకు లేని తోలు గుడ్లు ట్రేల నిండా వస్తాయి. వాటిలో ఏదైనా ఉండుంటే నేను ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి కాదు, చచ్చిన కోడిని పట్టుకుని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి పొమ్మనేవాణ్ణి. పెంకు బాగుండి, చావులు లేకుండా గుడ్లు మాత్రమే పడిపోతే ముందు మేత, నీళ్ళు, వెలుతురు చూడాలి. యాంటీబయాటిక్ ఈ మూడింట్లో దేన్నీ బాగుచేయదు. పైగా ఆ మందు గుడ్డులోకి పోతుంది, ఆ గుడ్డు పిల్లల ప్లేట్లోకి పోతుంది. కారణం తెలియకుండా మందు కలపడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు, వాడికి గట్టిగానే చెప్పిన.

వెలుతురు అడిగిన. పొద్దటి వెలుగుతో కలిపి పదహారు గంటలు ఇస్తున్నాడు, టైమర్ సరిగ్గానే ఉంది, కరెంటు పోయినా జనరేటర్ ఉంది. దాణా అడిగిన. కొత్త లోడు ఏదీ రాలేదు, మక్కలు, సోయా పాతవే. కానీ రోజుకు ఇరవై రెండు బస్తాలు ఎత్తే చోట ఇప్పుడు పందొమ్మిదే పోతున్నాయట. యాభై కిలోల బస్తా లెక్కన కోడికి 110 గ్రాములు తినేది 95కు దిగింది. అంటే కోళ్ళే మేత వదిలేస్తున్నాయి. ఎండలని వాడి అనుమానం. ఏప్రిల్‌లో పాలమూరు ఎండలు తక్కువేం కాదు, వేడికి మేత తగ్గే మాట నిజమే. కాకపోతే వేడి దెబ్బ తగిలితే కోడి రొప్పి రొప్పి పెంకు పలచబడుతుంది, పైగా షెడ్డంతా ఒకేలా తగులుతుంది.

అందుకే వాణ్ణి ఒక పని చేయమన్నా. "రేపు పొద్దున గుడ్లు ఏరేటప్పుడు అన్నీ ఒక్క దగ్గర కుప్ప పోయకు. నీళ్ళ ట్యాంకు దిక్కున్న సగం వేరే, ఆ చివర ఉన్న సగం వేరే లెక్కపెట్టు." కేజీ షెడ్డుకున్న గొప్ప సౌకర్యం ఇదే. గుడ్డు దొర్లి ఆ కేజీ ముందే ఆగుతుంది, ఎవరిది వాళ్ళ ముందే ఉంటుంది. అన్నీ కలిపి ట్రేలు లెక్కేస్తే ఈ సమాచారమంతా చేజేతులా పారేసుకున్నట్టే.

మర్నాడు లెక్క వచ్చింది. ట్యాంకు దిక్కు సగంలో 145 ట్రేలు, చివరి సగంలో 93. మామూలుగా రెండు పక్కలా నూట యాభై ఉండాలి. ఈ పక్క ఐదువేల కోళ్ళు దాదాపు ఎప్పటిలాగే పెడుతున్నాయి, నష్టమంతా ఆ చివరే ఉంది. జబ్బుకు షెడ్డు చివర, మొదలు అని ఇంత నికరమైన గీత ఉండదు, రోజులు గడిచేకొద్దీ పాకుతూ పోతుంది. దాణా, లైట్లు రెండు పక్కలా ఒకటే. ట్యాంకు నుంచి దూరమయ్యేకొద్దీ తగ్గేది నీళ్ళు ఒక్కటే.

వాడి దగ్గర మీటర్ లేదు. అయినా కొలవొచ్చు. ట్యాంకు నింపి, బోరు నుంచి వచ్చే వాల్వ్ కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత గీయమన్నా. నింపిన ప్రతిసారీ రాసుకుని, మర్నాడు అదే వేళకు మొత్తం చూడమన్నా. సుమారు పదిహేడు వందల లీటర్లు తేలింది. చల్లటి రోజుల్లో కోడి తిన్న దాణాకు రెట్టింపు నీళ్ళు తాగుతుంది, ఎండల్లో ఇంకా పెరుగుతుంది. పదకొండు వందల కిలోలు తినాల్సిన షెడ్డుకు మామూలు రోజుల్లోనే 2,200 లీటర్లు కావాలి, ఏప్రిల్‌లో మూడువేలు తాగినా ఆశ్చర్యం లేదు.

ఇక నిప్పిళ్ళు, అంటే పైపుకు కింద ఉండే చిన్న కొళాయిలు, కోడి ముక్కుతో పుల్లను పొడిస్తే నీళ్ళు వస్తాయి. ఖాళీ సీసా ఒకటి తీసుకుని నిప్పిల్ కింద పెట్టి, పుల్లను వేలితో పక్కకు నొక్కి, ఫోన్‌లో నిమిషం చూసి, పడ్డ నీళ్ళు మందు కొలిచే గొట్టంలో పోసి చూడమన్నా. వీడియో కాల్ పెట్టి చేయించిన. ట్యాంకు దగ్గర నిప్పిల్ నిమిషానికి డెబ్భై మిల్లీలీటర్లు ఇచ్చింది. మధ్యలో నలభై. చివరి కేజీల్లో పదిహేను దాటలేదు, కొన్ని చుక్క చుక్కగా కారాయి. లేయర్ కోడికి నిమిషానికి అరవైకి తగ్గకుండా రావాలని మా ఫారంలో పాటిస్తాం. నిప్పిల్ తడిగా కనిపించింది కాబట్టి నీళ్ళు వస్తున్నాయనే బామ్మర్ది అనుకున్నాడు, ఎవరైనా అట్లనే అనుకుంటారు. తడి ఉండటం వేరు, కోడి దాహం తీరడం వేరు.

చివర మూత విప్పి పైపు వదిలితే ముందు బూడిద రంగు జిగురు వచ్చింది, దాని వెనక తెల్ల పొలుసులు వచ్చాయి. కారణాలు రెండూ ఇంట్లోవే. ఎండ దెబ్బకని పదిహేను రోజుల నుంచి నీళ్ళల్లో బెల్లం, విటమిన్ పొడి కలుపుతున్నాడు. తీపి ఉన్న నీళ్ళు వేడి పైపులో నిలబడితే లోపల సూక్ష్మజీవులు పొరకట్టి జిగురవుతాయి. మా దిక్కు బోరు నీళ్ళ గరుకుతనం తెలియంది కాదు, పాత్రల అడుగున తెల్లగా పేరుకునే సున్నమే నిప్పిల్ సందులోనూ పేరుకుంటుంది. ఈ రెండూ కలిసి ఫిల్టర్‌ను కూడా సగం మూసేశాయి.

శుభ్రం చేయించిన తీరు ఇది. ముందు ఫిల్టర్ తీసి కడిగి, ఒక్కో లైను చివర మూత విప్పి, మిగతా లైన్లు కట్టేసి, తేటనీళ్ళు వచ్చేదాకా పూర్తి ఒత్తిడితో వదలాలి. అన్ని లైన్లూ ఒకేసారి వదిలితే ఒత్తిడి చాలక జిగురు కదలదు. తర్వాత సున్నం కోసం సిట్రిక్ ఆమ్లం. దాన్ని లైట్లు ఆరిపోయాక పైపుల్లో నింపి, తెల్లవారి లైట్లు వెలగకముందే కడిగేయాలి, చీకట్లో కోళ్ళు తాగవు కాబట్టి. ఒక్క విషయంలో చాలా జాగ్రత్త: ఆమ్లం, క్లోరిన్ రెండూ ఒకే నీళ్ళల్లో కలపకూడదు, విషవాయువు పుడుతుంది. అయినా తెరుచుకోని నిప్పిళ్ళు మార్చేయాల్సిందే. బెల్లం ఆపించిన. ఎండకు మందు ఇవ్వక తప్పదనుకుంటే కొన్ని గంటలే ఇచ్చి, వెంటనే మంచినీళ్ళతో లైను వదిలేయాలి. ట్యాంకు మీద నీడ, పైపుకు గోనెసంచి కూడా అవసరమే, వేడెక్కిన నీళ్ళను కోడి ముట్టదు.

దాణా మూడో రోజుకల్లా ఇరవై ఒక్క బస్తాకు వచ్చింది. గుడ్లు మాత్రం అంత తొందరగా రాలేదు, రావు కూడా. పచ్చసొన అండాశయంలో పెరగడానికే వారం పైన పడుతుంది. పది రోజులకు 270 ట్రేలు, ఆ తర్వాత మెల్లగా 285 దగ్గర నిలబడింది.

మిగిలిన పదిహేను ట్రేల సంగతి చివరి కేజీల్లో ఉంది. కోడిని తలకిందులుగా పట్టుకుని వెనకభాగం చూడమన్నా. గుడ్డు పెట్టే కోడికి ద్వారం వెడల్పుగా, తడిగా ఉంటుంది, పక్కన రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్ళు పడతాయి. ఆగిపోయిన కోడికి ద్వారం ఎండి ముడుచుకుని ఉంటుంది, ఎముకల మధ్య ఒక వేలు కూడా కష్టం. జుట్టు పాలిపోయి, రెక్క పెద్ద ఈకలు రాలుతుంటే ఆ కోడి ఈకలు మార్చుకునే దశలోకి పోయిందన్నమాట. అది మళ్ళీ కాపుకు రావడానికి వారాలు పడుతుంది. ఎముకలు ఇంకా తెరుచుకునే ఉన్నవాటిని అట్లనే ఉంచమన్నా. బాగా చిక్కిపోయి, ఈకలూ రాల్చినవాటిని వేరే కేజీల్లోకి తీయించి, నెల చూసి అప్పటికీ పెట్టకపోతే అమ్మేయమన్నా. వాటికి పోసే దాణా ఖర్చు గుడ్డు ధరలో తిరిగి రాదు.