అమృత్‌సర్ లంగర్‌లో ఒక పూట

స్వర్ణమందిరంలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో తినేసి వచ్చేస్తే సగం చూసినట్టే. భోజనం అయ్యాక మేం వంటశాలవైపు నడిచాం. పేరు రాయించుకోమని ఎవరూ అడగలేదు. తల కప్పుకుని, చేతులు కడుక్కుని, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు.

రద్దీ రోజుల్లో యంత్రాలు రొట్టెలు చేస్తాయి గానీ, చేత్తో ఒత్తేవాళ్లూ వరుసగా కూర్చునే ఉంటారు. నిమ్మకాయంత ఉండ తీసుకుని, పొడిపిండి అద్ది ఒత్తాలి. కొత్తవాళ్లు మధ్యలోనే నొక్కుతారు. నడుమ పల్చబడి అంచు మందంగా మిగిలితే అది పొంగదు, అంచు పచ్చిగానే ఉంటుంది. పొడిపిండి ఎక్కువైతే పెనం మీద రాలి మాడుతుంది, ఆ చేదు తర్వాతి రొట్టెలకీ అంటుకుంటుంది. పక్కనున్న పెద్దావిడ "పుత్తర్, అంచు అంచు" అంటూ కర్రని అంచుమీదే నడిపించి చూపించింది. పెనం దగ్గర మాత్రం అలవాటైన చేతులే. మనిషి పొడవు ఇనుప పెనం, పొడుగాటి అట్లకాడ. వేడికి దగ్గరగా నిలబడటమే కష్టం.

ఆ రొట్టెని పర్శాదా అంటారు. మన ప్రసాదం మాటే. పంగత్‌లో, అంటే బంతిలో, నేలమీద కూర్చున్నవాళ్లు రెండు చేతులూ చాచి పట్టుకోవాలి, వడ్డించేవాళ్లు అందులో వేస్తారు. ఒంటిచేత్తో అందుకోబోతే ఆగిపోతారు. ఒకటి తిన్నాక ఇంకొకటి అడగడమే పద్ధతి, వదిలేయకూడదు. గొప్పవాడికి వేరే పీట లేదు. సిక్కుల మూడో గురువు అమర్‌దాస్ కాలంనుంచీ ముందు పంగత్, తర్వాతే దర్శనం.

తిరుమల అన్నప్రసాదంలో వడ్డించే శ్రీవారి సేవకులు 2000 నుంచి ఉన్నారు. అక్కడ ముందే నమోదు చేసుకుని, బృందంగా, కొన్ని రోజులపాటు చేస్తారు. పద్ధతి వేరు గానీ, లోపలి భావం దగ్గరే: వడ్డించేది మనం పెట్టేది కాదు, స్వామిది. అందుకే దాన్ని కైంకర్యం అంటాం. ఇక్కడ అది గురువు వంటిల్లు, గురు కా లంగర్. పెట్టే చేయి పైచేయి అనిపించకుండా ఉండటానికే ఈ జాగ్రత్తంతా. సిక్కులు ఆ అహంకారాన్ని హౌమై అంటారు.

ఎక్కువ చేతులు కావాల్సింది అంట్ల దగ్గర. ముందు పళ్లెంలో మిగిలింది దులిపి, చెంచా వేరు చేసి, గిన్నె విడిగా వేయాలి. ఆ తర్వాతే తొట్లు. ఒక తొట్టిలో తోమింది తర్వాతి తొట్టికి వెళ్తుంది. చెంచా తీయకుండా పళ్లేలు దొంతర పెడితే కింద జారి ఇరుక్కుంటాయి, తోమేవాళ్ల వరుసంతా ఆగిపోతుంది. మేం రెండుసార్లు ఆపాం. ఎవరూ కసరలేదు, పక్కాయన చెయ్యిపెట్టి లాగేశాడు. స్టీలు మోతలో మాట వినబడదు, సైగలతోనే పని.

బయటికొస్తూ, చెప్పులు దాచే జోడాఘర్‌లో బిళ్ల ఇచ్చాం. అక్కడి సేవకులు సంగత్, అంటే వచ్చిన భక్తుల, పాదధూళి తలకెత్తుకోవాల్సిందని నమ్మి చెప్పుల దగ్గర కూర్చునేవాళ్లు. తెల్లగడ్డం పెద్దాయన చెప్పులు రెండు చేతులతో అందించాడు.