82 కేవీఏ లోడుకే కాగిపోయిన మా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్: నా అనుభవం

మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ మీది సర్వీసులను మూడు ఫేజులకు సమంగా సర్దే పని నిన్నటితో పూర్తయింది. ఇదే ఇబ్బంది పడుతున్న కాలనీలకు ఉపయోగపడుతుందని, ఆఫీసులో ఏ మాట దగ్గర మా వాదన ఆగిపోయిందో వివరంగా రాస్తున్నాను.

ఈ వేసవిలో రాత్రి ఏసీలు నడిచే వేళకు ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో ఆర్ ఫేజు ఫ్యూజు మాత్రమే పదేపదే పోయేది. ఆ ఫేజు మీద చివరనున్న ఇళ్లలో వోల్టేజి 196కు పడిపోతే, అదే సమయంలో బి ఫేజు ఇళ్లలో 246 ఉండేది. ఫిర్యాదు సులువుగానే నమోదైంది. అనుభవజ్ఞుడైన లైన్‌మన్ ఒకరు రాత్రి పది గంటలకు వచ్చి తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో చూస్తే ఆర్ ఫేజులో 170, వైలో 90, బిలో 70 ఆంపియర్లు వచ్చాయి. న్యూట్రల్ తీగలో కూడా చూడమని నేను అడిగాను. అక్కడ 96 ఆంపియర్లు ఉంది. న్యూట్రల్ బుషింగ్ దగ్గర తీగను బిగించే లగ్గు అప్పటికే నల్లబడి ఉంది.

ఈ అంకెలు తీసుకుని సెక్షన్ ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి అధికారి పదిమందిలో నా కాగితాన్ని వెనక్కి తోసి, "మాస్టారూ, మూడూ కలిపితే 330 ఆంపియర్లు, అంటే సుమారు 82 కేవీఏ. ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏది. ఇందులో ఓవర్‌లోడ్ ఎక్కడుందో మీరే చెప్పండి" అన్నారు. పైగా తమ వాళ్లు మధ్యాహ్నం తీసిన రీడింగులు చూపించి, 48, 42, 40 ఉంటే ఇంతకంటే సమంగా ఏముంటుందని అడిగారు. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పిన నాకు ఆ అవమానం ఇంకా మనసులో ఉంది.

ఆయన కూడికలో తప్పు లేదు; కానీ కాగేది కూడిక కాదు, వైండింగ్. 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక్కొక్క ఫేజు వైండింగ్ 133 ఆంపియర్ల వరకే తట్టుకునేలా చుట్టి ఉంటుంది. ఆర్ వైండింగ్‌లో 170 పారుతున్నప్పుడు, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ ఒక్క చుట్టలో పుట్టే వేడి పూర్తి లోడు నాటి వేడికి 1.6 రెట్లు దాటుతుంది. పక్క ఫేజులో మిగిలిన సామర్థ్యం దానికి ఏ విధంగానూ సాయపడదు. ఆయిల్ మూడు చుట్టలకూ ఉమ్మడిది కనుక థర్మామీటరు మామూలుగానే కనిపించవచ్చు. ఆర్ చుట్ట లోపల తీగకు ఇన్సులేషన్‌గా ఉన్న కాగితం మాత్రం మాడుతూ ఉంటుంది. ఆ కాగితం ఉండవలసిన వేడి కంటే ప్రతి 6 డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

పైగా ఇదే 330 ఆంపియర్లు ఫేజుకు 110 చొప్పున పారితే న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండదు. 170, 90, 70గా పారినప్పుడు వాటి మధ్య ఉన్న 120 డిగ్రీల తేడాతో లెక్కిస్తే న్యూట్రల్‌లో 92 ఆంపియర్లు తేలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల్లో మొత్తం నష్టం 15 శాతం పెరుగుతుంది. లైనులో న్యూట్రల్ తీగ కూడా ఫేజు తీగంత మందమే అనుకుంటే, అక్కడి నష్టం దాదాపు 39 శాతం పెరుగుతుంది. న్యూట్రల్‌లో పడిన వోల్టేజే ఆర్ ఫేజు ఇళ్లకు తగ్గుదలగా, బి ఫేజు ఇళ్లకు పెరుగుదలగా చేరుతుంది. ఆ నల్లబడిన లగ్గు ఊడిపోయి ఉంటే లోడు తక్కువున్న ఫేజు ఇళ్లకు 300 వోల్టులకు పైగా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేవి.

ఇంత చెప్పినా, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మంజూరయ్యేదాకా ఆగమన్నారు. నేను ఆగలేదు. రాత్రి రీడింగులను ఫేజులవారీగా, ఒక్కొక్కదాని పక్కన 133 పరిమితిని చూపిస్తూ రాసి పై అధికారికి ఇచ్చాను. ఆయన ఒక్కసారి చూసి సర్దుబాటుకు ఆదేశించారు. మధ్యాహ్నం రీడింగుతో మిమ్మల్ని ఎవరైనా పంపించేస్తుంటే ఒప్పుకోవద్దు. కాలనీలో ఏసీలన్నీ నడిచే వేళ, న్యూట్రల్‌తో సహా, డిపార్ట్‌మెంటు మనిషి చేతనే కొలిపించండి. స్తంభం దగ్గరికి మీరు వెళ్లవద్దు.

మిగతా పని తేలికే. కొత్త సర్వీసు ఇచ్చినప్పుడల్లా చేతికి అందిన తీగకు కలిపి వెళ్లడం వల్ల ఆర్ మీద ఇళ్లు పేరుకున్నాయి. లైన్ క్లియర్ తీసుకుని, అంటే సరఫరా ఆపించి, ఆర్ నుంచి సుమారు 20 ఆంపియర్ల లోడు వైకి, 40 బికి మార్చాలని లెక్క వేశాం. ఇళ్ల సంఖ్యను సమం చేస్తే ఫలితం ఉండదు; రెండు ఏసీలున్న ఒక ఇల్లు, ఫ్యాన్లు మాత్రమే ఉన్న పది ఇళ్ల కంటే బరువు. లగ్గు కూడా మార్చారు.

నిన్న రాత్రి ఆర్ 118, వై 108, బి 102 ఉన్నాయి, చివరి ఇళ్లలో మూడు ఫేజుల్లోనూ వోల్టేజి 220 దాటింది. లెక్క ప్రకారం న్యూట్రల్‌లో 14 ఆంపియర్లే ఉండాలి, టాంగ్ టెస్టర్ 24 చూపింది. ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్ ఏసీలు, ఛార్జర్లు పుట్టించే మూడో హార్మోనిక్, అంటే మామూలు కరెంటుకు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంటు, మూడు ఫేజుల్లోనూ ఒకే క్షణాన వచ్చి, న్యూట్రల్‌లో రద్దు కాకుండా కూడుతుంది. ఎంత సర్దినా ఆ కొంత మిగులుతుంది. త్రీఫేజ్ మీటరున్న కొన్ని ఇళ్లలో ఏసీలన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయి. వాటిని మార్చడం ఆ ఇంటివాళ్లు తమ ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవలసిన పని.