లోన్ తీర్చాక మిగిలిన 2,218 రూపాయలు: ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం నా ఉత్తరాలు

ఒక ఫైనాన్స్ కంపెనీలో నాకు 15 శాతం స్థిర వడ్డీకి తీసుకున్న పర్సనల్ లోన్ ఉండేది. జూన్ 5వ తేదీ ఈఎంఐ కట్టాక అసలు 2,40,000 రూపాయలు మిగిలింది. చేతికి కొంత డబ్బు రావడంతో గడువు దాకా ఆగకుండా జూన్ 23న మొత్తం తీర్చేశాను. కంపెనీ యాప్‌లో ఫోర్‌క్లోజర్ అనే పేజీలో ఆ రోజుకు కట్టవలసినది 2,53,103 రూపాయలని చూపారు. అక్కడే ఇచ్చిన ఖాతా నంబరుకు నెఫ్ట్ ద్వారా అంత మొత్తమూ పంపాను. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. వచ్చిన రసీదులో మాత్రం చెల్లింపు అందిందని ఉందే తప్ప, లోన్ ముగిసిందని ఎక్కడా లేదు.

అందుకే వెంటనే రెండు కాగితాలు కావాలని రాయడానికి కూర్చున్నాను. ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అంటే ఫలానా తేదీకి అసలు ఎంత, ఆ తేదీ వరకు వడ్డీ ఎంత, ముందుగా తీర్చినందుకు రుసుము ఎంత, దానిమీద జీఎస్‌టీ ఎంత, పాత బకాయిలు ఏమైనా ఉన్నాయా అని విడివిడిగా చూపే లెక్క. నో డ్యూస్ సర్టిఫికెట్ అంటే ఈ లోన్ మీద మాకు రావలసినది ఇక ఏమీ లేదని కంపెనీ రాసి ఇచ్చే మాట. మొదటిది చేతిలో ఉన్నంత మాత్రాన మనం కట్టినట్టు కాదు. రెండోది ఉన్నా కట్టిన మొత్తం సరైన లెక్కేనని తేలదు. కస్టమర్ కేర్ వారు చాలాసార్లు రెండోది ఒక్కటి చాలంటారు. నా వరకు మొదటిదే ఎక్కువ అక్కరకు వచ్చింది.

మొదటి ఉత్తరాన్ని ఈమెయిల్‌గా, లోన్ తీసుకున్నప్పుడు నమోదు చేసిన చిరునామా నుంచే పంపాను. వేరే చిరునామా నుంచి రాస్తే గుర్తింపు సరిపోలలేదని పక్కన పెట్టేస్తారు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"పై నంబరు గల నా లోన్‌ను పూర్తిగా తీర్చడానికి 23 జూన్ నాడు 2,53,103 రూపాయలు నెఫ్ట్ ద్వారా చెల్లించాను. యూటీఆర్ నంబరు, మీ యాప్ పేజీ స్క్రీన్‌షాట్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సంబంధిత పేజీ జతపరిచాను. 23 జూన్ తేదీతో ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌ను, అదే తేదీని ముగింపు తేదీగా చూపుతూ నో డ్యూస్ సర్టిఫికెట్‌ను పంపగలరు. నా బ్యాంకు ఖాతా మీద ఉన్న ఆటో డెబిట్ మాండేట్‌ను రద్దు చేసి, ఆ విషయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో యూటీఆర్ నంబరూ, తేదీ రెండుసార్లు రావడమూ ఊరికే చేర్చినవి కావు. నెఫ్ట్ ద్వారా వెళ్లిన ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఒక యూటీఆర్ నంబరు ఇస్తుంది. డబ్బు అందలేదనో, ఆలస్యంగా అందిందనో కంపెనీ అంటే దానితోనే ఆరా తీయవచ్చు. ఇక తేదీ చెప్పకుండా స్టేట్‌మెంట్ అడిగితే, దాన్ని ఏ రోజు తయారుచేస్తారో ఆ రోజుకే లెక్క కట్టి పంపుతారు.

తేదీ స్పష్టంగా రాసినా నాకు జరిగింది అదే. జూలై 10వ తేదీతో ఒక స్టేట్‌మెంట్ పంపి, ఇంకా 2,218 రూపాయలు కడితే గాని సర్టిఫికెట్ ఇవ్వలేమన్నారు. మొత్తం పెద్దది కాదు కాబట్టి కట్టేసి వదిలించుకోమని ఇంట్లో అన్నారు. కానీ కడితే లోన్ జూలైలో ముగిసినట్టవుతుంది, మధ్యలో ఒక ఈఎంఐ ఎగ్గొట్టినట్టు రికార్డులో నిలిచిపోతుంది. అందుకని రెండు లెక్కలను పక్కపక్కన పెట్టుకుని చూశాను.

జూన్ 23 నాటి లెక్క ఇలా ఉంటుంది. అసలు 2,40,000. జూన్ 5 నుంచి 23 వరకు 18 రోజుల వడ్డీ అంటే 2,40,000ను 15 శాతంతో, తర్వాత 18తో గుణించి 365తో భాగిస్తే 1,775 రూపాయలు. ఒప్పందం ప్రకారం ముందుగా తీర్చినందుకు 4 శాతం రుసుము 9,600, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 1,728. అన్నీ కలిపితే సరిగ్గా 2,53,103. యాప్ చూపిన అంకె రూపాయి తేడా లేకుండా సరిపోయింది.

జూలై 10 నాటి స్టేట్‌మెంట్‌లో అసలు, రుసుము, జీఎస్‌టీ మారలేదు. వడ్డీ మాత్రం జూలై 5 వరకు నెల వడ్డీగా 3,000, ఆపై 5 రోజులకు 493, కలిపి 3,493 అయింది. దానికి తోడు ఈఎంఐ బౌన్స్ ఛార్జీ 500. మొత్తం 2,55,321, నేను కట్టినది తీసేస్తే మిగిలేది 2,218. అంటే కంపెనీ నా డబ్బును జూన్ 23నే పుచ్చుకుని కూడా, ఆ తర్వాత రోజులకు అదే అసలు మీద వడ్డీ వేసింది.

ఎందుకిలా జరిగిందో బ్రాంచిలో ఒక ఉద్యోగి వివరించారు. లోన్ ఖాతాకు డబ్బు రావడం వేరు, లోన్‌ను మూసివేసే పని వేరు. మూసివేత అభ్యర్థన వారి సిస్టంలో నమోదు కాకపోతే, ఎంత పెద్ద మొత్తం వచ్చినా అది అడ్వాన్సుగానో, దేనికి జమ చేయాలో తేలని డబ్బును ఉంచే సస్పెన్స్ ఖాతాలోనో ఉండిపోతుంది తప్ప అసలుకు జమ కాదు. ఈలోపు జూలై 5న కట్టవలసిన ఈఎంఐ కోసం ఆటో డెబిట్ మామూలుగానే నా బ్యాంకుకు వెళ్లింది. లోన్ తీరిపోయింది కనుక ఆ ఖాతాలో నేను డబ్బు ఉంచలేదు; అది వెనక్కి వచ్చింది. రెండున్నర లక్షలకు పైగా తన దగ్గరే పెట్టుకుని, ఒక నెల ఈఎంఐ బౌన్స్ అయిందని జరిమానా వేయడం ఏ లెక్కన న్యాయమో ఆయనా చెప్పలేకపోయారు.

రెండో ఉత్తరాన్ని కస్టమర్ కేర్‌కు కాకుండా గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. ఫైనాన్స్ కంపెనీలు ఆ అధికారి పేరు, సంప్రదింపు వివరాలు బ్రాంచిలో అందరికీ కనిపించేలా పెట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఈసారి కోపాన్ని పక్కన పెట్టి, పై రెండు లెక్కలనూ వరుసగా రాసి, నాలుగు విషయాలు అడిగాను: నా చెల్లింపును అందిన తేదీకే, అంటే జూన్ 23కే జమ చేసి లోన్‌ను ఆ తేదీతో మూసివేయాలి, ఆ తర్వాత వేసిన 1,718 రూపాయల వడ్డీని, 500 రూపాయల ఛార్జీని తొలగించాలి, క్రెడిట్ బ్యూరోలకు పంపే వివరాల్లో జూలై ఈఎంఐ బకాయి చూపకూడదు, ఇప్పటికే పంపి ఉంటే సరిదిద్దాలి, బౌన్స్ వల్ల నా బ్యాంకు నా దగ్గర పట్టుకున్న ఛార్జీని ఇప్పించాలి. మూసివేత అభ్యర్థన విడిగా ఇవ్వాలని ఫోర్‌క్లోజర్ పేజీలో ఎక్కడా లేదని, స్క్రీన్‌షాట్‌ను చూపుతూ ఒక్క వాక్యం చేర్చాను. నా దృష్టిలో ఉత్తరం మొత్తానికి బలం ఆ వాక్యంలోనే ఉంది.

ఉత్తరం చివర, 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా ఫిర్యాదు చేస్తానని తెలిపాను. ఇది బెదిరింపుగా రాసింది కాదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులు చూసి, లేదా వారి జవాబు తృప్తినివ్వకపోతేనే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. కనుక ఆ గడువు ఏ రోజు మొదలైందో తేలాలంటే ఫిర్యాదు నంబరు తప్పనిసరిగా తీసుకోవాలి. ఫోన్‌లో ఎంతసేపు మొత్తుకున్నా దానికి రుజువు ఉండదు.

నాలుగు శాతం రుసుము గురించి నేను పేచీ పెట్టలేదు. నాది స్థిర వడ్డీ లోన్, రుసుము ఒప్పందంలో స్పష్టంగా ఉంది. మారే వడ్డీకి, వ్యాపారేతర అవసరాలకు వ్యక్తులు తీసుకున్న లోన్ అయితే కథ వేరు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన అలాంటి లోన్ల మీద ముందస్తు చెల్లింపు రుసుము వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 ఆదేశాల్లో ఉంది, అంతకుముందు కూడా వ్యక్తుల లోన్లకు దాదాపు ఇదే నియమం ఉండేది. స్టేట్‌మెంట్‌లో ఆ రుసుము కనబడితే ముందు మన వడ్డీ ఏ రకమో ఒప్పందంలో చూసుకోవాలి.

గడువు లోపలే జవాబు వచ్చింది. జూన్ 23 తేదీతో కొత్త స్టేట్‌మెంట్, బకాయి సున్నా అని చూపే లోన్ ఖాతా స్టేట్‌మెంట్, నో డ్యూస్ సర్టిఫికెట్ మూడూ పంపారు. సర్టిఫికెట్‌లో పేరు, లోన్ నంబరు, ముగింపు తేదీ సరిచూశాను. లోన్ నంబరు ఉండవలసిన చోట దరఖాస్తు నంబరు పడితే ఆ కాగితం తర్వాత ఎందుకూ పనికిరాదు. మరొకటి కూడా వెతికాను: ఎక్కడా 'సెటిల్డ్' అనే మాట లేకుండా 'క్లోజ్డ్' అని ఉందా అని. కంపెనీ కొంత వదులుకుని రాజీపడిన లోన్లకు సెటిల్డ్ అని రాస్తారు. పూర్తిగా తీర్చిన వారి రికార్డులో ఆ మాట పడితే తర్వాత లోన్ ఇచ్చేవారు వేరేగా చూస్తారు. చెక్కుతో కట్టినవారికైతే 'చెక్కు నగదయ్యాకే వర్తిస్తుంది' అనే షరతుతో సర్టిఫికెట్ రావచ్చు, అలాంటప్పుడు నగదయ్యాక షరతు లేనిది మళ్లీ అడగాలి.

మాండేట్ రద్దయిందని వారు రాసినా, నా బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో అది ఇంకా చెల్లుబాటులోనే కనిపించింది. కంపెనీ జవాబును జతచేసి బ్యాంకులో నేనే రద్దు చేయించాను. క్రెడిట్ రిపోర్టులో జూలైకి బకాయి నమోదై ఉంది కాబట్టి, దిద్దుబాటు కోసం సర్టిఫికెట్ జతచేసి బ్యూరోకు విడిగా ఫిర్యాదు ఇచ్చాను. ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ అవసరం రాలేదు. లోన్ జూన్ 23న ముగిసినట్టు, బకాయి లేనట్టు రిపోర్టు మారింది. మిగతా మూడు బ్యూరోల రిపోర్టులు కూడా తెప్పించి చూస్తే వాటిలోనూ అదే తేదీ ఉంది. నా బ్యాంకు పట్టుకున్న బౌన్స్ ఛార్జీ గురించి మాత్రం ఫైనాన్స్ కంపెనీ ఒక్క ముక్కా రాయలేదు, దాన్ని నేను మళ్లీ అడగనూ లేదు.